నో సూనర్‌కి ద్యాన్, హార్డ్లీకి వెన్: జోడీ తెలిసి కూడా మార్కులు పోగొట్టుకున్నాను

సీజీఎల్ టైర్-1 కోసం అశోక్‌నగర్‌లో రూమ్ తీసుకుని చదివే రోజుల్లో నాకో ధీమా ఉండేది. నో సూనర్ కనబడితే ద్యాన్, హార్డ్లీ కనబడితే వెన్. ఎక్కాల్లాగా బట్టీ పట్టేశాను. ఒక మాక్ టెస్టులో తప్పు పట్టుకోమని ఈ వాక్యం ఇచ్చారు:

"నో సూనర్ ద టీచర్ హ్యాడ్ ఎంటర్డ్ / ద క్లాస్ ద్యాన్ / ద స్టూడెంట్స్ స్టుడ్ అప్ / నో ఎర్రర్"

ద్యాన్ కనబడగానే నా పని అయిపోయింది, "నో ఎర్రర్" పెట్టేశాను. రెండు మార్కులు రాలేదు సరికదా, అర మార్కు ఎదురు కోత. తప్పు మొదటి ముక్కలోనే ఉంది: "నో సూనర్ హ్యాడ్ ద టీచర్ ఎంటర్డ్" అని ఉండాలి.

ఆ రాత్రి రూమ్‌లో అన్న ఒకాయన కూర్చోబెట్టి అసలు సంగతి చెప్పాడు. "సూన్‌కి కంపారిటివ్ డిగ్రీ ఏంట్రా?" అన్నాడు. సూనర్. "టాలర్ తర్వాత ఏమొస్తుంది?" ద్యాన్. "మరి సూనర్ తర్వాత ఇంకేం వస్తుంది?" ఇన్నాళ్లూ దీన్ని విడి రూల్‌గా ఎందుకు మోశానా అనిపించింది. టీచర్ లోపలికి రావడం పిల్లలు లేవడం కంటే ఏమంత ముందు జరగలేదు, అదీ వాక్యం చెప్పేది. ఆ "కంటే"యే ద్యాన్.

హార్డ్లీలో పోలిక లేదు. మనం "కూర్చున్నానో లేదో కరెంటు పోయింది" అంటాం చూడండి, ఆ "లేదో" హార్డ్లీ చేసే పనే చేస్తుంది. కూర్చోవడం ఇంకా పూర్తిగా అయిందో లేదో, అప్పుడే కరెంటు పోయింది. "అప్పుడు" కాబట్టి వెన్: "హార్డ్లీ హ్యాడ్ ఐ శాట్ డౌన్ వెన్ ద పవర్ వెంట్ ఆఫ్." స్కేర్స్లీ, బేర్లీ కూడా ఇదే దారి. వీటికి వెన్ బదులు బిఫోర్ వచ్చినా తప్పు కాదు. కొందరు రాతలో హార్డ్లీకి ద్యాన్ కలిపేస్తుంటారు, పరీక్షలో మాత్రం అది తప్పే.

ఇక నన్ను ముంచిన ఇన్వర్షన్. నో సూనర్, హార్డ్లీ రెండూ "కాదు", "లేదు" అన్న అర్థం మోసే మాటలు. అలాంటిది వాక్యం మొదట్లో కూర్చుంటే హెల్పింగ్ వెర్బ్ సబ్జెక్ట్‌ను దాటి ముందుకొస్తుంది, ప్రశ్నలో వచ్చినట్టే. అందుకే నో సూనర్‌ను వేలితో మూసి మిగతాది చదువుతాను. "హ్యాడ్ ద టీచర్ ఎంటర్డ్ ద క్లాస్" ప్రశ్నలా వినిపిస్తే సరే, "ద టీచర్ హ్యాడ్ ఎంటర్డ్" అని మామూలుగా నడిస్తే తప్పు. తిరగబడేది మొదటి సగమే. ద్యాన్ తర్వాత "డిడ్ ద స్టూడెంట్స్ స్టాండ్ అప్" అని ఆప్షన్ ఇస్తారు, మోసపోవద్దు.

యాజ్ సూన్ యాజ్‌ను మార్చమన్నప్పుడు ఈ వేలి పరీక్ష ఇంకా బాగా పనికొస్తుంది. "యాజ్ సూన్ యాజ్ ద బెల్ ర్యాంగ్, ద బాయ్స్ ర్యాన్ అవుట్" తీసుకోండి. ప్రశ్నగా అడిగితే "డిడ్ ద బెల్ రింగ్?" కదా, కాబట్టి "నో సూనర్ డిడ్ ద బెల్ రింగ్ ద్యాన్ ద బాయ్స్ ర్యాన్ అవుట్." హ్యాడ్ పెడితే "హ్యాడ్ ద బెల్ రంగ్." డిడ్ పక్కన ర్యాంగ్ పెట్టడమే ఇక్కడ ఎక్కువ మంది చేసే తప్పు. హార్డ్లీతో అయితే డిడ్ జోలికి పోకుండా హ్యాడ్, వీ-3 వాడడమే మేలు. అసలు వాక్యంలోనే "ద థీఫ్ వాజ్ కాట్" అని ఉంటే డిడ్ అవసరమే లేదు, ఆ వాజే ముందుకొస్తుంది: "నో సూనర్ వాజ్ ద థీఫ్ కాట్ ద్యాన్..."

ఇంత నేర్చుకున్నాక ఎక్కడ చూసినా తిరగేయడం మొదలుపెట్టాను, అదీ తప్పే. "హీ హ్యాడ్ నో సూనర్ శాట్ డౌన్ ద్యాన్ ద ఫోన్ ర్యాంగ్" సరైన వాక్యం. నో సూనర్ మధ్యలో ఉంది కాబట్టి తిరగేసే పని లేదు, ద్యాన్ మాత్రం ఉండి తీరాలి. "హార్డ్లీ ఎనీవన్ కేమ్" కూడా సరైనదే. అక్కడ హార్డ్లీ ఎనీవన్‌కు అంటుకుని సబ్జెక్ట్‌లో భాగమైపోయింది. చెప్పేది రెండు సంఘటనల గురించి కాదు, దాదాపు ఎవరూ రాలేదని. వెన్ కోసం వెతకక్కర్లేదు.

ఇంకొకటి, మన చెవికి ద్యాన్, దెన్ ఒకేలా వినిపిస్తాయి. స్క్రీన్ మీద అక్షరం చూసుకోండి, "ఏ" ఉండాల్సిన చోట "ఈ" పెట్టి ఇస్తారు. మరో మాక్‌లో ఇన్వర్షన్ అంతా సరిచూసుకుని, సంబరంలో ఆ ఒక్క అక్షరం దగ్గర మళ్లీ "నో ఎర్రర్" పెట్టాను.