విత్ 200, టు 200

పదకొండున్నర దాటింది, పడుకుంటే నిద్ర పట్టక లేచి వచ్చి కూర్చున్నా. చిన్నది పడుకుంది. దాని కెమిస్ట్రీ వర్క్‌షీట్ మాత్రం డైనింగ్ టేబుల్ మీదే ఉంది, నాలుగో లెక్క మీద ఎర్ర ఇంకు గీత, పక్కన 0.5 అని దిద్దిన అంకె. కొట్టేసిన లెక్కలన్నీ మూడేసి సార్లు రాసుకుని రేపు పొద్దున్నే ఇవ్వాలట. సాయంత్రం అది చెప్పినప్పటి నుంచీ నాకు ఒకటే దిగులు, ఎందుకంటే చిన్నది వేసిన జవాబు 0.4, అదే కరెక్టు.

లెక్క ఇదీ. 50 మి.లీ. 2 M హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌ని డైల్యూటెడ్ విత్ 200 మి.లీ. నీళ్ళు, కొత్త మొలారిటీ ఎంత? చిన్నది ఫార్ములా జోలికి పోకుండా మెట్టు మెట్టుగా చేసింది. మొలారిటీ అంటే ఒక లీటరు ద్రావణంలో ఎన్ని మోల్స్ ఉన్నాయనేగా, కాబట్టి ముందు 50 మి.లీ.ని 0.050 లీటర్లు చేసుకుంది, 2 తో గుణిస్తే 0.1 మోల్. నీళ్ళు పోసినంత మాత్రాన ఆసిడ్ పెరగదు తరగదు, ఆ 0.1 మోల్ అలాగే ఉంటుంది. 50 ఉన్నచోట ఇంకో 200 పోశాం కాబట్టి మొత్తం 250, అంటే 0.250 లీటర్లు. 0.1 ని 0.250 తో భాగిస్తే 0.4 M. పక్కన పెన్సిల్‌తో "5 రెట్లు అయింది, 2 లో 5వ వంతు" అని రాసుకుంది కూడా. ఆ పెన్సిల్ రాత చూసి ఎంత ముచ్చటేసిందో, జవాబు తనే సరిచూసుకుందన్నమాట.

కీ లో ఏం చేశారంటే M1V1 = M2V2 పెట్టి, 2 × 50 = M2 × 200 అన్నారు, 100 బై 200, 0.5 వచ్చింది. V2 అంటే పోసిన నీళ్ళు కాదు కదా, పోశాక ఉన్న మొత్తం ద్రావణం. అసలు ఆ ఫార్ములాలో రెండు వైపులా ఉన్నది మోల్సే, ముందున్న మోల్స్ తర్వాతున్న మోల్స్‌కి సమానం అని చెప్పడమే దాని పని. అది చెప్పకుండా అక్షరాలు బట్టీ పట్టిస్తే లెక్కలో ఏ అంకె కనిపిస్తే అది V2 చోట పెట్టేస్తారు పిల్లలు. పిల్లలు పెడితే సరే, దిద్దేవాళ్ళు కూడా పెడితే ఎవరికి చెప్పుకోవాలి? స్టెప్స్ చూడలేదు, చివరి అంకె కీ తో కలవలేదు, గీత పడింది. చిన్నది ఏమంటుందో తెలుసా, "పోనీలే అమ్మా, 0.5 అనే రాసేస్తా, పరీక్షలో కూడా అదే రాయాలేమో". ఆ మాటకే నాకు కోపం వచ్చింది, దాని మీద కాదు. అన్నం వడ్డిస్తున్నా అదే, గిన్నెలు సర్దుతున్నా అదే. లెక్చరర్ గారికి పెట్టడానికి ఫోన్‌లో ఇంత పొడుగు మెసేజ్ టైప్ చేసి ఉంచా, పంపలేదింకా.

డైల్యూటెడ్ టు అంటే ఒకటి, డైల్యూటెడ్ విత్ అంటే ఇంకోటి, ఈ గొడవ నాకు కొత్త కాదు. నేను తెలుగు మీడియం, మాకు పుస్తకంలో "నీటిని కలిపి 200 మి.లీ. చేశారు" అని ఉండేది, లేదా "200 మి.లీ. నీటిని కలిపారు" అని ఉండేది, చదవగానే తేడా తెలిసిపోయేది. డిగ్రీకి వచ్చాక ఇంగ్లీషు రికార్డు రాయాల్సి వచ్చి అక్కడ తడబడ్డాను. కానీ నాకు ఒంటికి పట్టేలా తెలిసింది రికార్డులో కాదు, ల్యాబ్‌లో. ఇది మీకెప్పుడూ చెప్పలేదనుకుంటా.

డిగ్రీ సెకండియర్. సోడియం కార్బొనేట్ 0.1 M ద్రావణం 250 మి.లీ. తయారుచేసి, దాంతో బ్యూరెట్‌లో ఉన్న HCl బలం ఎంతో కట్టాలి. తూకం లెక్క సులువే, 250 మి.లీ.కి 0.025 మోల్ కావాలి, అణుభారం 106, కాబట్టి 2.65 గ్రాములు. వెయింగ్ బాటిల్‌లో తూచి, గరాటు పెట్టి, వాష్ బాటిల్‌తో ఒక్క పొడి రేణువు కూడా గరాటుకి మిగలకుండా స్టాండర్డ్ ఫ్లాస్క్‌లోకి కడిగి, సగం నీళ్ళకే గిరగిరా తిప్పి కరిగించా. అంతవరకూ బంగారంలా చేశా. ఇక మార్కు దగ్గర చుక్కలు చుక్కలుగా పోయాలి, నీటి వంపు అడుగు గీతకి సరిగ్గా తాకాలి. పక్కనమ్మాయి ఏదో అడిగింది, అటు తల తిప్పాను, వాష్ బాటిల్ మీద చెయ్యి గట్టిగా పడింది, నీళ్ళు గీత దాటి ఒక సెంటీమీటరు పైకి పోయాయి.

భయమేసింది. టైమ్ లేదు, బ్యాలెన్స్ దగ్గర లైను ఉంది, మళ్ళీ తూచాలంటే అరగంట. మూత పెట్టి బాగా కలిపేసి, ఎవరూ చూడట్లేదని పిపెట్ పెట్టి పైనున్నది పీల్చి సింకులో వదిలేశా. ఇప్పుడు చూస్తే వంపు గీత మీదే ఉంది, చూడ్డానికి ఏ తేడా లేదు. టైట్రేషన్ మొదలుపెట్టా. 20 మి.లీ. కార్బొనేట్‌కి పక్క బెంచీ వాళ్ళకి 20.0 మి.లీ. ఆసిడ్ పడుతోంది, నాకు 19.8. మళ్ళీ చేస్తే 19.8. మూడోసారీ 19.8. మూడూ ఒకటే వచ్చాయి కదా, మనదే కరెక్టని ధైర్యం తెచ్చుకుని మేష్టారి దగ్గరికి వెళ్ళా.

ఆయన రీడింగులు చూశారు, ఫ్లాస్క్ చూశారు, "మార్కు దాటించి పీల్చేశావామ్మా?" అన్నారు. ఎలా తెలిసిందో అప్పుడు అర్థం కాలేదు. తిట్టలేదు, కాగితం తీసి లెక్క వేసి చూపించారు. గీత దాటినప్పుడు ఫ్లాస్క్‌లో ఉన్నది సుమారు 252 మి.లీ., అందులో 0.025 మోల్. 0.025 ని 0.252 తో భాగిస్తే 0.0992 M. నువ్వు పీల్చింది నీళ్ళు కాదు, ద్రావణం, దాంతో పాటే కార్బొనేట్ కూడా పోయింది, మిగిలిన 250 కూడా 0.0992 నే, అన్నారు. అందుకే ఆసిడ్ తక్కువ పట్టింది, అందుకే నా లెక్కలో ఆసిడ్ బలం ఎక్కువ తేలింది, ఆ తప్పు ఫ్లాస్క్‌లోనే ఉంది కాబట్టి ముప్ఫై సార్లు చేసినా 19.8 నే వస్తుంది. పారబోసి మళ్ళీ మొదటి నుంచి చేయించారు. ఆ రోజు చివరి బస్సుకి ఇంటికెళ్ళా. నీళ్ళు పోస్తే పలచనవుతుంది, ద్రావణం తీసేస్తే ఎంత తీసినా చిక్కదనం మారదు, ఈ ముక్క అప్పటి నుంచీ మర్చిపోలేదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మెసేజ్ పంపే ముందు ఆరో లెక్క కూడా చూద్దామని తిప్పా, అక్కడ నా కోపం కాస్త అటూ ఇటూ అయింది. అది బాటిల్ ఆసిడ్ లెక్క. 37 శాతం HCl, డెన్సిటీ 1.18, మొలారిటీ ఎంత, 500 మి.లీ. 1 M ద్రావణానికి ఎంత తీసుకోవాలి. ఇది మాత్రం చిన్నది నిజంగానే తప్పు చేసింది. 370 ని 36.5 తో భాగించి 10.1 అనేసింది. 37 శాతం అంటే 100 గ్రాముల్లో 37 గ్రాములు, అంటే దానికి వచ్చిన 10.1 కిలో ద్రావణంలో ఉన్న మోల్స్, లీటరులో ఉన్నవి కావు. లీటరు ఈ ఆసిడ్ బరువు 1180 గ్రాములు, అందులో 37 శాతం 436.6, దాన్ని 36.5 తో భాగిస్తే 11.96, ఇంచుమించు 12 M. 500 మి.లీ. 1 M కి కావాల్సింది 0.5 మోల్, 11.96 తో భాగిస్తే 0.0418 లీటర్లు, 41.8 మి.లీ. కీ లో ఇది అక్షరాలా ఇలాగే ఉంది, పైగా కింద "ముందు నీళ్ళు తీసుకుని అందులో ఆసిడ్ పోసి, ఆ తర్వాత 500 వరకు నింపాలి" అని కూడా రాశారు. 41.8 కి 500 కలపమనలేదు.

అంటే కీ రాసిన మనిషికి తేడా బాగానే తెలుసు. నాలుగో లెక్కలో "డైల్యూటెడ్ టు 200" అని ఉండాల్సింది టైప్‌లో "విత్" పడిందేమో. టు అయితే 200 అంటే మొత్తమే, 4 రెట్లు, 0.5 కరెక్టే. సాయంత్రం నుంచి ఆ మనిషికి V2 అంటే ఏంటో తెలియదని తిట్టుకున్నా, అది నా తప్పు. ఇంకోటి, 50 కి 200 కలిపితే 250 అని నేనంత గట్టిగా అనడం కూడా అన్నిచోట్లా చెల్లదు. 50 మి.లీ. ఆల్కహాల్‌లో 50 మి.లీ. నీళ్ళు పోస్తే 100 రాదు, 96, 97 దగ్గర ఆగుతుంది. 2 M ఆసిడ్‌లో ఆ తేడా పట్టించుకోనంత చిన్నది కాబట్టి మన 0.4 నిలుస్తుంది, అంతే. ల్యాబ్‌లో కలపడం కాకుండా మార్కు వరకు నింపడం ఎందుకో కూడా ఇందులోనే ఉంది.

కానీ ఎర్ర గీత సంగతి మాత్రం నాకు మింగుడు పడట్లేదు. టైప్ తప్పు పిల్లది కాదు. అది తన ముందున్న మాట చదివి, ఆ మాటకి సరైన లెక్క చేసింది. స్టెప్స్ ఒక్కసారి చూసి ఉంటే 250 ఎందుకు వేసిందో తెలిసేది, లెక్కలోనే పొరపాటుందని అక్కడే బయటపడేది. ఇంతమంది పిల్లల్లో ఇంకెంతమంది 250 వేసి కొట్టించుకున్నారో.

పొడుగు మెసేజ్ తీసేశా. చిన్నదాని పేజీ మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసిపెట్టా, "200 మి.లీ. కలిపితే మొత్తం 250, 0.4 M. 200 మి.లీ. చేస్తే మొత్తం 200, 0.5 M. లెక్కలో విత్ అని ఉంది సార్, ఒకసారి చూడగలరు." మూడుసార్లు రాయడం తప్పదు కాబట్టి ప్రతిసారీ లెక్కలో టు అని మార్చి రాసి 0.5 వెయ్యమంటా. ఆరో లెక్క మాత్రం పొద్దున్న టిఫిన్ అయ్యేలోపు నా ముందు కూర్చుని మళ్ళీ చెయ్యాలి, 1180 ఎక్కడి నుంచి వచ్చిందో నోటితో చెప్పాకే బస్సు.