పంచభుజితో సరిచూసుకున్న ఆ ఒక్క పేజీ హ్యాండౌట్

ప్రిపరేషన్‌లో నాకు బాగా పనికొచ్చినవాటిలో ఒకటి, క్లాసులో ఇచ్చిన ఒక పేజీ హ్యాండౌట్. క్రమ బహుభుజి శీర్షాల నిరూపకాలు కనుక్కోవడం దాని విషయం. సూత్రం చిన్నదే:

```
x = R cos(360°·k/n)
y = R sin(360°·k/n)
k = 0, 1, ..., n−1
```

కేంద్రం మూలబిందువు దగ్గర, మొదటి శీర్షం x-అక్షం మీద ఉంటాయి. R అంటే కేంద్రం నుంచి శీర్షానికి ఉన్న దూరం, n అంటే భుజాల సంఖ్య. ఇంతవరకూ ఎవరికైనా వస్తుంది. వచ్చిన జవాబు సరైనదో కాదో తేల్చుకోవడం దగ్గరే అసలు పని ఉంది, హ్యాండౌట్ విలువ కూడా అక్కడే.

పంచభుజి తీసుకుందాం. R = 10, కోణం 72° చొప్పున పెరుగుతుంది. శీర్షాలు వరుసగా (10, 0), (3.09, 9.51), (−8.09, 5.88), (−8.09, −5.88), (3.09, −9.51). నిజానికి లెక్క వేయాల్సింది 72°, 144° దగ్గరే. మిగతా రెండూ వాటి ప్రతిబింబాలు, y గుర్తు మారుతుంది అంతే.

ఇక సరిచూడటం. చాలామంది ప్రతి బిందువూ కేంద్రం నుంచి 10 దూరంలో ఉందా అని చూసి వదిలేస్తారు. అది పరీక్షే కాదు. కోణం ఏదైనా cos, sin వర్గాల మొత్తం 1 కాబట్టి తప్పు కోణానికి కూడా 10 వస్తుంది. క్యాలిక్యులేటర్ రేడియన్ మోడ్‌లో ఉండిపోయిందనుకోండి. మొదటి బిందువు (10, 0) సరిగ్గానే వస్తుంది, అనుమానం రాదు. రెండోది (−9.67, 2.54) వస్తుంది. 72° మొదటి పాదంలో ఉండాలి, x రుణం ఎలా అయింది? అక్కడే పట్టుకోవాలి. లేదంటే ఇంకో మోసం ఉంది: ఆ తప్పు బిందువుల్లో వరుస భుజాలు నాలుగూ 19.84 చొప్పున సమానంగానే వస్తాయి! చివరి బిందువు నుంచి మొదటిదానికి కొలిస్తేనే 9.82 వచ్చి గుట్టు బయటపడుతుంది. అందుకే ఆ ఐదో భుజాన్ని ఎప్పుడూ వదలకండి.

నిరూపకాల మొత్తం చూడటం ఇంకా తేలిక. x లు కూడితే 10 + 6.18 − 16.18 = 0, y లు కూడితే కూడా 0. ఆప్షన్లు ఉన్న ప్రశ్నల్లో నేను ముందు ఇదే చూసేదాన్ని, టెన్షన్‌లోనూ నోటితో అయిపోతుంది. దీనికీ ఒక పరిమితి ఉంది. 72° బదులు 144° చొప్పున పెంచితే అవే ఐదు బిందువులు వేరే వరుసలో వస్తాయి. మొత్తం సున్నాయే, కలిపితే మాత్రం పంచభుజి కాదు, నక్షత్రం. దాన్ని పట్టేది భుజం పొడవే: 2R sin 36° = 11.76 రావాలి, నక్షత్రంలో 19.02 వస్తుంది. మన పంచభుజిలో ఎడమవైపు నిలువు భుజం 5.88 + 5.88 = 11.76, సరిపోయింది.

ప్రశ్నలో R బదులు భుజం ఇస్తే ఈ భుజం పొడవు సూత్రాన్నే తిప్పి ముందు R కనుక్కోండి. భుజం 10 అయితే R సుమారు 8.51.