బయో నంబర్ 0.1 లోపల ఉంటే చాలా? ఆయిల్ టబ్ దగ్గర నా అనుభవం

మూడోసారి తిప్పి పంపాక, స్టీల్ షాఫ్ట్ చల్లారే లెక్కల షీట్ నిన్న పాసైంది. ఇంకా మంట చల్లారలేదు, అందుకే వివరంగా రాస్తున్నాను.

పని చిన్నదే. 80 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ఈఎన్ 8 స్టీల్ షాఫ్ట్‌ని 850 డిగ్రీలకు వేడి చేస్తాం. కొన్ని ముక్కల్ని గాలిలో చల్లారుస్తాం, కొన్నిటిని 60 డిగ్రీల ఆయిల్‌లో ముంచుతాం. ఎంతసేపట్లో ఎంతకు చల్లారుతుందో లెక్క కట్టి కస్టమర్ తరఫు ఆడిటర్‌కి చూపించాలి. అందరూ వాడే దారి లంప్డ్ కెపాసిటెన్స్. అంటే ముక్క లోపలా పైనా ఒకే వేడి ఉందనుకుని, మొత్తాన్ని ఒకే ముద్దగా చూడటం. అలా చూడొచ్చో లేదో చెప్పేది బయో నంబర్:

Bi = h·Lc/k,  Lc = V/A

h అంటే ఉపరితలం నుంచి వేడి బయటికి పోయే జోరు, k అంటే లోహం లోపల వేడి పాకే జోరు, V ముక్క ఘనపరిమాణం, A దాని ఉపరితల వైశాల్యం. పొడవాటి షాఫ్ట్‌కి Lc వ్యాసార్ధంలో సగం, మన ముక్కకి 0.02 మీటర్లు. Bi 0.1 కంటే తక్కువైతే లోపలికీ పైకీ తేడా పట్టించుకోనక్కర్లేదు.

గాలి లెక్క తేలిగ్గానే అయింది. 850 దగ్గర రేడియేషనే ఎక్కువ. గాలి వాటా కలిపితే h దాదాపు 98 వస్తుంది. ఆ వేడిలో k 30 దగ్గర ఉంటుంది కాబట్టి Bi 0.065. పాస్. కానీ Bi పాసయిందంటే ముక్కంతా ఒకే వేడిలో ఉందని మాత్రమే అర్థం. ఒకే h పెట్టి ఎక్స్‌పొనెన్షియల్ సూత్రం వాడేయొచ్చని కాదు. 300 డిగ్రీలకు దిగేసరికి రేడియేషన్ పడిపోయి h 26కి వస్తుంది. ముక్క ఎంత నెమ్మదిగా చల్లారుతుందో చెప్పే టైమ్ కాన్‌స్టంట్ 850 దగ్గర 16 నిమిషాలుంటే, అక్కడ గంటవుతుంది. అందుకని 25 డిగ్రీలకోసారి h మార్చుకుంటూ దిగాను. మధ్యలో 700కి కాస్త దిగువన స్టీల్ లోపలి రూపం మారుతూ వేడి విడుదల చేస్తుంది, చల్లారడం కాసేపు నెమ్మదిస్తుంది. థర్మోకపుల్ గీత అక్కడ నిలబడితే పరికరం పాడైందనుకోవద్దు.

నా పరువు తీసింది ఆయిల్.

మా దగ్గర చేతులు మారుతూ వచ్చిన ఒక ఎక్సెల్ షీట్ ఉంది. అందులో k గడిలో 50 అని పాతేసి ఉంది. అది గది వేడి దగ్గర విలువ. ఎర్రగా కాలిన స్టీల్‌కి 50 పెడితే Bi అసలు విలువలో 0.6 వంతే కనిపిస్తుంది. ఆ షీట్ రాసిన వాళ్ల మీద నాకు నిజంగానే కోపం. దాన్ని సరిచేసి k 30, ఆయిల్‌కి సగటు h 750 పెడితే Bi 0.5. అంటే 0.1కి ఐదు రెట్లు. ఆయిల్‌లో h స్థిరంగా ఉండదు. ముందు ఆవిరి పొర, తర్వాత మరుగు, ఆఖర్న మామూలు ప్రవాహం. 750 అన్నది సగటు మాత్రమే.

అయినా సరే లంప్డ్ నడుస్తుందని నేను వాదించాను. ఎందుకంటే ముక్క మధ్యలోకి సన్నని బెజ్జం వేసి 1.5 మిల్లీమీటర్ల షీత్ ఉన్న కె టైప్ థర్మోకపుల్ పెట్టి చూశాను. Ti మొదటి వేడి, T∞ ఆయిల్ వేడి అనుకుని ln((T−T∞)/(Ti−T∞))ని కాలానికి ఎదురుగా గీస్తే, మొదటి 50 సెకన్లు వదిలేశాక దాదాపు సరళరేఖ వచ్చింది. సరళరేఖ వచ్చిందంటే లంప్డ్ సరైనదే అని చాలామందికి నేర్పిందే నాకూ నేర్పారు. కాగితాన్ని గర్వంగా బల్ల మీద పెట్టాను.

ఆడిటర్ వేలితో గీతని వెనక్కి పొడిగించి, "సున్నా సెకన్ల దగ్గర ఇది ఎక్కడ తగులుతోందండీ?" అని అడిగారు. సున్నా దగ్గర నిష్పత్తి 1 కావాలి. నాది అంతకంటే పైన తగిలింది. గదిలో నలుగురున్నారు, నా దగ్గర జవాబు లేదు.

లోపల తేడా ఎంత ఉన్నా, మొదటి దశ దాటాక ప్రతి చోటా వేడి ఒకే రేటున పడిపోతుంది. మన ముక్కకి ఆ దశ 50 సెకన్లు. కాబట్టి మధ్యలో ఒక్క థర్మోకపుల్ పెడితే లంప్డ్ తప్పైనప్పుడు కూడా సరళరేఖే వస్తుంది. h 750 దగ్గరే నిలిచిందనుకున్నా, మధ్యలోని గీత సున్నా దగ్గర నిష్పత్తి 1.2 ఉన్న చోట తగలాలి. టైమ్ కాన్‌స్టంట్ 125 సెకన్లు కాదు, 158 అవుతుంది. ఆయిల్‌లో మొదట్లో వచ్చే ఆవిరి పొర కూడా ఆ తగిలే చోటుని పైకి నెడుతుంది. అందుకే దాన్నొక్కదాన్నే నమ్మడానికి లేదు. తీర్పు చెప్పేది ఉపరితలానికి 2 మిల్లీమీటర్ల లోపల పెట్టే రెండో థర్మోకపుల్.

అది పెట్టాక వాదన ముగిసింది. లోపలి తేడాని కూడా కలిపే సిలిండర్ లెక్క ప్రకారం 60వ సెకనుకి మధ్యలో 713, ఉపరితలం 480. లంప్డ్ చెప్పేది 548. ముక్క సగటే 592 ఉంది. అంటే లంప్డ్ సగటుని కూడా సరిగ్గా చెప్పలేదు, త్వరగా చల్లారినట్టు చూపించింది. కారణం ఉంది. నిజంగా ఆయిల్‌కి తగిలే ఉపరితలం సగటు కంటే చల్లగా ఉంటుంది, కాబట్టి బయటికి పోయే వేడి తక్కువ. లంప్డ్ ఆ చల్లని చర్మాన్ని చూడదు. టెస్ట్‌లో మా తేడా కూడా 200 డిగ్రీలు దాటింది.

టబ్ దగ్గర దీని ఫలితం ఇంకా స్పష్టం. 150కి చల్లారడానికి 271 సెకన్లు చాలని లంప్డ్ అంటుంది. ఆ క్షణంలో ఉపరితలం 171, మధ్యలో 232. తీసి బయట పెడితే లోపలి వేడి పైకి పాకి ముక్కంతా 200 దగ్గర సర్దుకుంటుంది. అంటుకున్న ఆయిల్ పొగలు కక్కేది అప్పుడే. మధ్యభాగం నిజంగా 150కి దిగాలంటే 374 సెకన్లు కావాలి. నిమిషంన్నరకి పైగా తేడా.

ఇంకో రెండు చోట్ల జనం జారడం చూశాను. ముక్క లోపలి వేడిని చదువుకునే హైస్లర్ చార్టుల్లో వాడే బయో నంబర్‌లో పొడవు అంటే పూర్తి వ్యాసార్ధం, V/A కాదు. మన ఆయిల్ ముక్కకి అక్కడ 1 వస్తుంది, ఇక్కడ 0.5. రెండూ సరైనవే, కలిపితేనే తప్పు. 0.1 గీటు V/Aతో కట్టిన దానికి. రెండోది, ఒక చోట లావుగా, ఒక చోట పల్చగా ఉన్న హబ్‌కి మొత్తం V/A ఒకటే కట్టడం. 8 మిల్లీమీటర్ల ఫ్లాంజ్ Lc 4, 80 మిల్లీమీటర్ల బాస్ Lc 20. ఫ్లాంజ్ ఐదింతలు త్వరగా చల్లారుతుంది. ఒక్కో భాగం విడిగా 0.1 లోపలే ఉన్నా, రెండూ ఒకే ముద్ద కావు. విడివిడిగా కట్టి, మధ్యలో పాకే వేడిని కలపాలి.

పాసైన షీట్‌లో గాలికి లంప్డ్, ఆయిల్‌కి సిలిండర్ పరిష్కారం అని రెండు పేజీలు పెట్టాను. k గడి ఇప్పుడు వేడితో మారుతుంది. ముంచే సమయం 380 సెకన్లని బోర్డు మీద రాయించాను. పాత ఎక్సెల్‌ని ఫోల్డర్‌లోంచి తీసేశాను.