రాసిన ఓఆర్ఎస్ పోస్టును నిమిషం వీడియోగా చెప్పడానికి నేను పడిన పాట్లు

నేను ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సుని. ఎండాకాలంలో పిల్లలకు విరేచనాలు ఎక్కువవుతాయి కాబట్టి, ఓఆర్ఎస్ ఎలా కలపాలో వివరంగా ఒక పోస్టు రాశాను. చదివినవాళ్ళు బాగుందన్నారు. కానీ మా దగ్గరికి వచ్చే తల్లుల్లో చాలామంది ఫోన్లో వీడియోలే చూస్తారు. అందుకని ఆ పోస్టునే నిమిషం వీడియోగా మార్చాలనుకున్నాను.

మొదట పోస్టునే గట్టిగా చదివి రికార్డు చేశాను. నాలుగు నిమిషాలు పైనే పట్టింది. అందులో సగం వాక్యాలు కొట్టేసి మళ్ళీ చదివాను. అప్పుడూ వార్తలు చదువుతున్నట్టే ఉంది. తగ్గించాల్సింది నిడివి ఒక్కటే కాదని అప్పుడు తెలిసింది.

నేను రాసిన వాక్యం ఇది: "విరేచనాల వల్ల శరీరం కోల్పోయిన నీటిని మరియు లవణాలను భర్తీ చేయుటకు, 1 లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్‌ను (20.5 గ్రా.) పూర్తిగా కలిపి 24 గంటలలోపు వినియోగించవలెను." కాగితం మీద ఇబ్బంది లేదు, కావాలంటే కళ్ళు వెనక్కి వెళ్ళి చూసుకుంటాయి. వినేవాళ్ళకు ఆ వీలు లేదు. ఏం చేయాలో చెప్పే మాట చివర్లో ఎక్కడో వస్తుంది. అది వచ్చేసరికి నీళ్ళెన్నో మర్చిపోతారు. "మరియు", "చేయుటకు" ఇంట్లో ఎవరం అనం. బ్రాకెట్లో ఉన్న గ్రాములనైతే ఎలా పలకాలో నాకే తెలియలేదు.

అప్పుడు కాగితం పక్కన పెట్టి, వంటింట్లో ఉన్న అత్తయ్యకు ఆ విషయమే చెప్పాను. ఫోన్లో రికార్డింగ్ పెట్టి చెప్పి, తర్వాత విని, మాట మాటా రాసుకున్నాను. తేడా వెంటనే కనిపించింది. పోస్టులో ఓఆర్ఎస్ అంటే ఏమిటో మొదట రాశాను. అత్తయ్యకు మాత్రం "గ్లాసులో కాస్త కాస్త కలుపుతారే, అది తప్పు" అంటూ మొదలుపెట్టాను. రోజూ చూసే తప్పు అదే కాబట్టి నోటికి ముందుగా అదే వచ్చింది. వీడియోకూ అదే మొదటి మాట చేశాను.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. ప్యాకెట్ దొరకనప్పుడు ఇంట్లో కలుపుకునే కొలత లీటరు నీళ్ళకు ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు. రికార్డింగ్‌ను పక్కింటి అక్కకు తెర చూపించకుండా వినిపించి, ఏం అర్థమైందో చెప్పమన్నాను. "ఉప్పు ఆరా, అరా?" అని అడిగింది. నాకు గుండె ఝల్లుమంది. ఫోన్ చిన్న స్పీకర్లో, మాట కాస్త వేగంగా వస్తే, "ఆరు", "అర" దాదాపు ఒకటే. రాసినప్పుడు ఈ ప్రమాదం కనిపించనే కనిపించదు. ఉప్పు ఎక్కువైతే పసిబిడ్డ ప్రాణం మీదకు వస్తుంది. అందుకే "అర" తీసేసి "సగం" పెట్టాను, ఆ మాట రెండుసార్లు వచ్చేలా చూశాను. చెంచా గుట్టగా నింపకూడదన్న సంగతి మాటల్లో చెప్పకుండా, చాకుతో అంచుకు సమం చేసి చూపించాను.

చివరికి మిగిలిన స్క్రిప్ట్ ఇది. గీత ఉన్నచోట ఊపిరి తీసుకోవాలి.

"పిల్లలకు విరేచనాలైతే ఓఆర్ఎస్ తెస్తాం. గ్లాసులో కాస్త కాస్త కలుపుతాం. అలా వద్దమ్మా. / పెద్ద ప్యాకెట్ ఒకటి, నీళ్ళు లీటరు. ఇదిగో, ఈ బాటిల్ నిండా. / ప్యాకెట్ మొత్తం ఒకేసారి పోసేయండి. చిన్న ప్యాకెట్ అయితే, నీళ్ళెన్నో దాని మీదే ఉంటుంది, చూడండి. / ప్యాకెట్ దొరకలేదా? లీటరు నీళ్ళలో పంచదార ఆరు టీస్పూన్లు. / ఉప్పు మాత్రం సగం టీస్పూను. సగమే. / కొంచెం కొంచెంగా తాగించండి. కలిపింది ఒక్క రోజుకే, మిగిలితే పారబోయండి. / బిడ్డ తాగలేకపోయినా, మగతగా ఉన్నా, విరేచనంలో రక్తం కనిపించినా ఆగకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి."

నింపాదిగా చదివితే నిమిషం లోపే అయిపోయింది. ఓఆర్ఎస్ ఒంట్లో ఎలా పనిచేస్తుందో పోస్టులో ఇష్టంగా రాసుకున్న పేరా మొత్తం పోయింది. దాన్ని వదలడం కష్టంగానే అనిపించింది, కానీ ప్రమాద సూచనలు తీసేసి దాన్ని ఉంచలేను. "పంచదార" దగ్గర తెర మీద "చక్కెర" అని కూడా వేశాను, తెలంగాణలో ఉన్న మా ఆడపడుచు వాళ్ళు అలాగే అంటారు.

మర్నాడు పక్కింటి అక్కకు మళ్ళీ వినిపించాను, ఈసారీ తెర చూపించలేదు. "పంచదార ఆరు, ఉప్పు సగం" అని ఆగకుండా చెప్పింది. ఆ తర్వాతే వీడియో పెట్టాను.