రెఫర్ చేసిన అన్నకు ఎప్పుడు ఏం చెప్పాను, ఆ రుణం ఎట్లా తీరుస్తున్నాను: నా అనుభవం

మాది మిర్యాలగూడ దగ్గర పల్లెటూరు. నల్గొండలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి, చౌటుప్పల్ వైపు మందుల ముడిపదార్థం తయారుచేసే ఒక బల్క్ డ్రగ్ యూనిట్‌లో క్యూసీలో, అంటే మందుల నాణ్యత పరీక్షించే లాబ్‌లో చేరాను. ఇప్పుడు జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో టాబ్లెట్లు తయారుచేసే ఒక కంపెనీలో క్యూసీలోనే ఉన్నాను. ఈ మారడం రెఫరల్ మీద జరిగింది. రెఫరల్ ఎట్లా అడగాలో చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి ఆ జోలికి పోను. రెజ్యూమే లోపలికి వెళ్లిన రోజు నుంచి మధ్యలో ఉన్న మనిషితో ఏం మాట్లాడాలి అన్నదే రాస్తున్నా.

నా విషయంలో మధ్యలో ఉన్నది ఇద్దరు. కల్వకుర్తిలో ఎరువుల షాపు నడిపే మా మేనమామ ఒకరు. ఆయన షాపుకు వచ్చే ఒక రైతు కొడుకు ఆ కంపెనీలో క్యూఏలో, అంటే పనులు పద్ధతి ప్రకారం జరుగుతున్నాయా అని చూసే విభాగంలో చేస్తాడు, ఆయన రెండో మనిషి, నాకంటే ఆరేడేళ్లు పెద్ద. మామ ఫోన్ కలిపించాడు, అన్న నా రెజ్యూమే తీసుకుని కంపెనీ రెఫరల్ ఫారంలో తన ఎంప్లాయీ నంబర్ వేసి హెచ్‌ఆర్‌కు పంపాడు. ఆ నంబర్ పడిందంటే ఆ రెజ్యూమే ఆయన పేరు మీద తిరుగుతున్నట్టే.

ఆ తర్వాత కొద్దిరోజులకే హైదరాబాద్ కన్సల్టెన్సీ నుంచి ఒకతను ఫోన్ చేశాడు, అదే కంపెనీ, అదే పోస్టు. రెజ్యూమే పంపమన్నాడు. పంపనని చెప్పి, వెంటనే అన్నకు మెసేజ్ పెట్టాను: "అన్నా, మీ క్యూసీ ఓపెనింగ్‌కే కన్సల్టెన్సీ వాళ్లు అడిగారు. మీ ద్వారా ఆల్రెడీ వెళ్లిందని చెప్పి వద్దన్నాను." ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కాదు. ఒకే మనిషి రెజ్యూమే రెండు దారుల్లో వస్తే హెచ్‌ఆర్ దగ్గర ఎవరి ఖాతాలో వేయాలన్న పంచాయితీ వస్తుంది. కన్సల్టెన్సీ ఖాతాలో పడితే వాళ్లకు కంపెనీ ఫీజు కట్టాలి, అన్న రెఫరల్ లెక్కలోకి రాదు. కొన్నిచోట్ల ఆ తలనొప్పి ఎందుకని అసలు ఆ రెజ్యూమేనే పక్కన పెట్టేస్తారు.

ఇంటర్వ్యూకు పిలుపు వచ్చినప్పుడు తేదీ, టైమ్, ఎవరు ఫోన్ చేశారో ఒకే మెసేజ్‌లో చెప్పాను. లోపల రికమెండ్ చేయమని అడగలేదు, ప్యానెల్‌లో ఎవరుంటారనీ అడగలేదు. క్యూఏలో ఉన్న మనిషిని అట్లాంటివి అడిగితే ఆయన్నే ఇరకాటంలో పెట్టినట్టు. అడిగింది ఒక్కటే, గేటు దగ్గర ఐడీ కార్డు కాకుండా ఇంకేమైనా చూపించాలా అని. "ఆధార్ ఒరిజినల్ పట్టుకరా తమ్మీ, ఫోన్ సెక్యూరిటీ దగ్గర్నే పెట్టాలె" అన్నాడు. అంతే.

ఇంటర్వ్యూ అయ్యాక పెట్టిన మెసేజ్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడ "బాగా అయింది అన్నా, చూద్దాం" అని వదిలేస్తారు. దానితో ఆయన చేసేదేమీ ఉండదు. చాలా కంపెనీల్లో ఇంటర్వ్యూ ఎట్లా జరిగిందో రెఫర్ చేసిన మనిషికి హెచ్‌ఆర్ చెప్పదు. కానీ క్యూసీ మేనేజర్ క్యాంటీన్‌లో ఎదురుపడి "మీవోడు డిసొల్యూషన్ కాడ ఆగిండు గదా" అంటే ఆయన ముఖం ఎట్లుంటుంది? అందుకే తడబడిన చోటు కూడా చెప్పాలి.

నేను పనిచేసింది బల్క్ డ్రగ్‌లో. అక్కడ పౌడర్ వస్తుంది, అస్సే, ఇంప్యూరిటీలు, తేమ ఇట్లాంటివి చూస్తాం, డిసొల్యూషన్, అంటే టాబ్లెట్‌లోని మందు ద్రవంలో ఎంత కరుగుతుందో చూసే టెస్ట్ ఉండదు. టాబ్లెట్ కంపెనీలో అదే ముఖ్యం. ప్యానెల్‌లో అడిగిన లెక్క ఇది: క్యూ విలువ, అంటే చెప్పిన టైమ్‌లో కరగాల్సిన మందు 80 శాతం, మొదటి దశలో ఆరు టాబ్లెట్లు వేస్తే ఒకటి 83 వచ్చింది, ఏం చేస్తావ్? మొదటి దశలో ప్రతి టాబ్లెట్ క్యూకు 5 కలిపినంత, అంటే కనీసం 85 రావాలి, కాబట్టి అది పాస్ కాదు. అట్లని బ్యాచ్ ఫెయిల్ అయినట్టూ కాదు, రెండో దశకు ఇంకో ఆరు వేయాలి, మొత్తం పన్నెండింటి సగటు 80కి తగ్గకూడదు, ఏ ఒక్కటీ 65 కంటే కిందికి పోకూడదు. ఇంతవరకు పుస్తకం చదివి వెళ్లాను కాబట్టి చెప్పగలిగాను. ఆ తర్వాత మెషీన్ సెట్ చేయడం, శాంపిల్ తీసే ప్లేస్ గురించి అడిగితే, చేత్తో చేయలేదని నేరుగా చెప్పాను.

బయటికొచ్చి బస్టాండ్‌లో కూర్చుని రాసిన మెసేజ్ ఇది: "అన్నా, ఇంటర్వ్యూ అయింది. ఇద్దరున్నారు, ముప్పావు గంట అడిగారు. హెచ్‌పీఎల్‌సీ, ఓఓఎస్ ప్రశ్నలు బాగా చెప్పాను. డిసొల్యూషన్ థియరీ చెప్పాను, ప్రాక్టికల్ చేయలేదని చెప్పేశాను. పది రోజుల్లో చెప్తామన్నారు. మీకు ఎవరైనా అడిగితే తెలిసి ఉండాలని రాస్తున్నా." హెచ్‌పీఎల్‌సీ అంటే మందులోని పదార్థాలను విడదీసి కొలిచే మెషీన్, ఓఓఎస్ అంటే టెస్ట్ రిజల్ట్ లిమిట్ దాటి రావడం. మేనేజర్ నిజంగానే అడిగాడట. "అవును సార్, బల్క్ నుంచి వస్తున్నడు, నేర్చుకుంటడు" అన్నానని అన్న తర్వాత చెప్పాడు. ఆ ముక్క అనడానికి ఆయన దగ్గర సరుకు ఉంది కాబట్టి అనగలిగాడు.

మామకు మాత్రం ఇదంతా చెప్పలేదు. ఆయనకు డిసొల్యూషన్ ఎందుకు? "ఇంటర్వ్యూ అయింది మామా, పది రోజుల్ల చెప్తరంట" అని ఫోన్ చేశాను. కలిపిన మొదటి మనిషిని మరిచిపోవడం మనవాళ్లలో ఎక్కువ. ఆ రైతు షాపుకు వచ్చి "మీ అల్లునికి కొలువొచ్చెనట గదా" అన్నప్పుడు మామకు అప్పుడే తెలిస్తే బాగుండదు.

చెప్పిన గడువు దాటినా కబురు రాలేదు. అప్పుడు టెన్షన్‌లో "అన్నా ఒక్కసారి లోపల అడుగవా" అనాలనిపిస్తుంది, నాకూ అనిపించింది. ముందు హెచ్‌ఆర్‌కు నేనే మర్యాదగా మెయిల్ పెట్టి, పెట్టినట్టు అన్నకు చెప్పాను, అంతే. అడగాలనుకుంటే ఆయనే అడుగుతాడు, అడిగే చనువు ఎవరితో ఎంతుందో ఆయనకే తెలుసు.

ఆఫర్ వచ్చింది. అన్నకు చెప్పింది పోస్టు, గ్రేడు, చేరే తేదీ. జీతం అంకె చెప్పలేదు, లెటర్ ఫోటో పంపలేదు. అందులో జీతం వివరాలు బయటపెట్టొద్దని రాసి ఉంటుంది, పైగా బయటి నుంచి వచ్చేవాళ్లకు ఒక్కోసారి లోపల ఏళ్లుగా ఉన్నవాళ్లకు దగ్గరదగ్గర ఇస్తారు. ఆయన అడగలేదు, నాకు అదీ నచ్చింది.

ఇక్కడ మా రూమ్మేట్ సంగతి చెప్పాలి. అతనికి బాబాయి వరసయ్యే ఒకాయన వేరే కంపెనీలో రెఫర్ చేశాడు, ఆఫర్ వచ్చింది, ఒప్పుకున్నాడు, ఈలోగా పాత కంపెనీ జీతం పెంచింది, ఆగిపోయాడు. ఆగడం తప్పు కాదు. ఎవరికీ చెప్పకుండా చేరే రోజు ఫోన్ ఆఫ్ చేశాడు. ఆ బాబాయి తర్వాత సొంత తమ్ముడి కొడుకు రెజ్యూమే ఇస్తే "పోయినసారి లెక్కనేనా" అన్నారట. వద్దనుకున్నప్పుడు నా లెక్కలో ముందు తెలియాల్సింది రెఫర్ చేసిన మనిషికి, తర్వాత హెచ్‌ఆర్‌కు, అదీ గంటల తేడాతోనే. చేరే తేదీ మారితే మాత్రం తిరగేసి, ముందు హెచ్‌ఆర్‌కు మెయిల్, వెంటనే ఆయనకు మెసేజ్. నాకు రిలీవింగ్ లేటై తేదీ జరిగినప్పుడు అట్లాగే చేశాను.

ఇక రుణం సంగతి. డబ్బు ఇవ్వాలా అని కొందరు అడుగుతారు. వద్దు. రెఫర్ చేసినందుకు మనిషి దగ్గర డబ్బు తీసుకున్నాడని తెలిస్తే ఆయన ఉద్యోగానికే ముప్పు. కొన్ని కంపెనీలు తామే రెఫరల్ బోనస్ ఇస్తాయి, కానీ చేరిన రోజే రాదు, కొత్తగా వచ్చినవాళ్లు కొన్ని నెలలు నిలబడ్డాకే జీతంతో కలిపి వేస్తారు. కాబట్టి నేను మొదట చెల్లించగలిగింది ఆ గడువు దాటేదాకా ఉద్యోగం మానకుండా, లాబ్‌లో ఎర్రర్లు, ఓఓఎస్‌లు నా పేరు మీద పడకుండా చూసుకోవడం. మొదటి జీతం రాగానే కల్వకుర్తి వెళ్లి మామ ఇంట్లో స్వీట్ డబ్బా ఇచ్చి అత్తకు చీర పెట్టాను, అన్నకు స్వీట్లే. పార్టీ అంటే ఆయన వద్దన్నాడు.

కొన్ని నెలలకు అసలు అవసరం దానంతట అదే బయటపడింది. అన్న వాళ్ల చెల్లెలు బీఎస్సీ చివరి ఏడాది, ఎమ్మెస్సీ కోసం సీపీజెట్ రాస్తోందని మాటల్లో వచ్చింది. నా కెమిస్ట్రీ నోట్సు, పాత ప్రశ్నపత్రాలు ఇచ్చి, ఆదివారాలు ఫోన్‌లో ఆర్గానిక్ చెప్పాను. "రుణం తీరుస్తున్నా" అని నేను అనలేదు, ఆయనా అనలేదు.

మామది వేరే లెక్క. "నువ్వు చేరినవ్ గదా, మా షాపుకొచ్చే ఆయన కొడుకుని కూడ పెట్టియ్యి" అన్నాడు. పిల్లవాడిది బీకామ్. "మామా, క్యూసీకి కెమిస్ట్రీ ఉండాలె, స్టోర్స్‌లో ఖాళీ పడితే చెప్త" అన్నాను, ముఖం చిన్నబుచ్చుకున్నాడు కానీ నా ఎంప్లాయీ నంబర్‌తో అది పంపితే పోయేది నా మాటే కాదు, నన్ను పంపిన అన్న మాట కూడా.

పోయిన నెల దేవరకొండ నుంచి బీఎస్సీ కెమిస్ట్రీ చేసిన ఒకమ్మాయి రెజ్యూమే ఇచ్చింది, అది పంపాను. పంపిన రోజే చెప్పాను: పిలుపు వస్తే ఒక మెసేజ్, అయ్యాక ఎక్కడ ఆగావో ఒక మెసేజ్, వేరేచోట వస్తే అది కూడా. ఇంటర్వ్యూ అయిన సాయంత్రమే రాసింది, "అన్నా, సిస్టం సూటబిలిటీ దగ్గర తడబడ్డాను, మిగతావి ఓకే" అని. శాంపిల్ పెట్టే ముందు హెచ్‌పీఎల్‌సీ సరిగ్గా పనిచేస్తోందా అని చూసే పరీక్ష అది. రిజల్ట్ ఇంకా రాలేదు. సోమవారం మేనేజర్ అడిగాడు, ఫ్రెషరే సార్, ఆ ఒక్కదాని దగ్గర తడబడిందట, కాలేజీలో హెచ్‌పీఎల్‌సీ ముట్టుకునే అవకాశం వాళ్లకు ఉండదు అని చెప్పాను.