గుండె మాత్రలు వేసుకుంటూ మద్ది బెరడు టీ తాగొచ్చా? నా అనుభవం

స్టెంట్ పడ్డాక నేను రోజూ వేసుకునేవి నాలుగు మాత్రలు: ఆస్పిరిన్, అటోర్వాస్టాటిన్, మెటోప్రొలాల్, టెల్మిసార్టాన్. వీటికి తోడు అర్జున బెరడు, అంటే తెల్లమద్ది బెరడు టీ కూడా తాగితే మంచిదని ఇంట్లో, బయట చాలామంది చెప్పారు. ఆయుర్వేదంలో గుండెకు ఎప్పటినుంచో వాడుతున్న బెరడే కాబట్టి కొట్టిపారేయాలని నాకు అనిపించలేదు. అలాగని మాత్రల మీద మరో మందు చేర్చే ముందు కాస్త చదవకుండా, డాక్టరుగారిని అడగకుండా మొదలుపెట్టే ధైర్యమూ లేదు.

ముందు పరీక్షల సంగతి చూశాను. 1995లో వచ్చిన ఒక అధ్యయనంలో గుండె బాగా బలహీనపడి, మందులకు లొంగని 12 మందికి బెరడు సారం 500 మిల్లీగ్రాముల చొప్పున ఎనిమిది గంటలకోసారి రెండు వారాలు ఇచ్చారు. ఆయాసం తగ్గింది, గుండె పనితీరు మెరుగైంది. 2002లో 58 మంది ఛాతీనొప్పి రోగుల మీద చేసిన మరో పరీక్షలో, వారం రోజులు ఇదే సారం తీసుకున్నాక ట్రెడ్‌మిల్ మీద కాస్త ఎక్కువసేపు నడవగలిగారు. ఇవి చదివినప్పుడు నాకూ ఆశ పుట్టింది. తర్వాత 2016 నాటి పరీక్ష కనిపించింది. అందులో గుండె బలహీనత ఉన్న 100 మందిలో కొందరికి బెరడు నీటిసారం, కొందరికి ఉత్తుత్తి మందు పన్నెండు వారాలు ఇచ్చారు. ఎవరికి ఏది ఇస్తున్నారో రోగికీ డాక్టరుకీ తెలియదు. గుండె ఒక్కో కొట్టుకు ఎంత రక్తం బయటికి తోస్తుందన్న ముఖ్యమైన కొలతలో తేడా రాలేదు. కొందరికి మాత్రం ఒంట్లో తేలికగా అనిపించింది.

అంటే సాక్ష్యం లేదని కాదు, ఉన్నది చిన్నది. పైగా ఈ పరీక్షల్లో వాడింది కొలిచి చేసిన సారం. మనం గిన్నెలో మరిగించే టీ అది కాదు. ఒక చెంచా పొడిలో ఎంత మందు ఉంది, పది నిమిషాలు మరిగిస్తే ఎంత దిగింది, ఇరవై నిమిషాలైతే ఎంత అన్నది ఎవరూ చెప్పలేరు. ఆయుర్వేదంలో చెప్పిన క్షీరపాకం పద్ధతి కూడా వేరు. పొడికి ఎనిమిది రెట్లు పాలు, ముప్పైరెండు రెట్లు నీళ్లు పోసి, నీళ్లన్నీ ఇగిరి పాలు మిగిలేదాకా కాస్తారు. కాబట్టి ఆ పరీక్షల ఫలితాలను నా కప్పుకు అంటగట్టడం కుదరదు.

ఈ కాగితాలన్నీ పట్టుకుని మా కార్డియాలజిస్టు మేడమ్ దగ్గరికి వెళ్లాను. "మంచిదా చెడ్డదా" అని అడగలేదు. "నా నాలుగు మాత్రల్లో ఏది దీనికి తగులుతుంది?" అని అడిగాను. ఆవిడ ఒక్కో మాత్ర పేరు మీద వేలు పెట్టి చెప్పుకొచ్చారు.

టెల్మిసార్టాన్ బీపీ తగ్గిస్తుంది, బెరడు కూడా కొంత తగ్గించవచ్చు, కాబట్టి రెండూ కలిసి మరీ దించేయవచ్చు. మెటోప్రొలాల్‌ది ఇంకో చిక్కు. అది నాడి వేగాన్ని తగ్గించే మందు. దాన్ని కాలేయంలో సీవైపీ2డీ6 అనే ఎంజైమ్ విరగ్గొడుతుంది. ల్యాబ్ పరీక్షల్లో బెరడు సారం ఈ ఎంజైమ్‌ను అడ్డుకుంది. మనిషి ఒంట్లోనూ అలాగే జరిగితే, వేసుకున్నది అదే మాత్ర అయినా రక్తంలో మందు ఎక్కువసేపు నిలుస్తుంది, నాడి మరీ నెమ్మదిస్తుంది. ల్యాబ్‌లో జరిగినదంతా ఒంట్లో జరగాలని లేదని కూడా ఆవిడే అన్నారు. ఇక బెరడుకు రక్తంలోని ప్లేట్‌లెట్లను అతుక్కోకుండా చేసే గుణం ఉండవచ్చు, ఆస్పిరిన్ చేసే పనీ అదే. చిగుళ్ల నుంచి రక్తం, కారణం లేకుండా కమిలిన మచ్చలు, నల్లటి మలం కనబడితే వెంటనే చెప్పమన్నారు.

రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వేసుకునేవాళ్లకైతే తాను అసలు ఒప్పుకోనన్నారు. మా అత్తయ్యగారికి గుండెలో కృత్రిమ కవాటం ఉంది, అందుకని వార్ఫరిన్ వేసుకుంటారు, ఆవిడా అప్పుడప్పుడూ ఈ టీ తాగుతారు. ఆ మాట చెప్పగానే మేడమ్ నా సంగతి పక్కన పెట్టేశారు. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష ఆవిడకు ఆ వారమే చేయించమని, టీ మానేశాక మళ్లీ ఒకసారి చేయించమని చెప్పారు. టీతో కలిపి కుదిరిన వార్ఫరిన్ మోతాదు, టీ ఆపాక సరిపోకపోవచ్చు. అప్పుడు రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. మొదలుపెట్టడం ఎంత ముఖ్యమో ఆపడం కూడా అంతే చెప్పి చేయాలన్న విషయం నాకు అంతకుముందు తట్టలేదు.

నా విషయంలో బీపీ నిలకడగా ఉంది కాబట్టి, నిజంగా తాగి చూడాలనుకుంటే కొలుచుకుంటూ చూడవచ్చన్నారు. మాత్రల్లో ఏదీ తగ్గించకూడదు. ముఖ్యంగా మెటోప్రొలాల్ ఉన్నట్టుండి ఆపితే గుండెదడ, ఛాతీనొప్పి తిరగబెట్టవచ్చు. ముందు టీ లేకుండా ఒక వారం అంకెలు రాయమన్నారు. పొద్దున మాత్రలకు ముందు, మళ్లీ సాయంత్రం, అయిదు నిమిషాలు కదలకుండా కూర్చుని, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి రెండుసార్లు కొలవాలి. ఆ తర్వాత లేచి నిలబడి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు కొలవాలి. ఈ నిలబడి కొలిచే పని చాలామంది చేయరు, నేనూ అంతవరకు చేయలేదు. కూర్చున్నప్పటి కన్నా పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే అది పట్టించుకోవాల్సిన తగ్గుదల. నాడి 50కి దిగినా, కళ్లు తిరిగినా ఫోన్ చేయాలి.

టీ లేని వారంలో కూర్చుంటే 124, 126 అలా ఉండేది, నిలబడితే అయిదారు పాయింట్లు తగ్గేది. నాడి 62 చుట్టూ ఉండేది. టీ మొదలుపెట్టాక కూర్చున్నప్పటి అంకె పెద్దగా మారలేదు. అదొక్కటే చూసి ఉంటే బాగుందనుకునేవాణ్ణి. నిలబడితే మాత్రం 102, 104 రావడం మొదలైంది, నాడి 54కి వచ్చింది, పొద్దున మంచం దిగేటప్పుడు ఒక క్షణం తల తేలిపోయేది. నోట్‌బుక్ చూపించాను. మేడమ్ టీ ఆపమన్నారు, మాత్రలు ఉన్నవి ఉన్నట్టే వేసుకోమన్నారు. ఆపాక నిలబడి కొలిచిన అంకె నెమ్మదిగా పాత దారికొచ్చింది, నాడి 60 దాటింది.

ఇది టీ వల్లే అని రుజువు కాదు. ఎండలు ముదిరిన రోజులవి, నీళ్లు తక్కువ తాగినా అలాగే జరుగుతుంది. మళ్లీ మొదలుపెట్టి చూస్తే తేలుతుందేమో అని అడిగాను. కింద పడి తల పగలగొట్టుకునే రిస్కుతో తేల్చుకోవాల్సినంత లాభం ఇందులో మీకు కనబడుతోందా అన్నారావిడ. నాకు కనబడలేదు.

టెల్మిసార్టాన్ మోతాదు తగ్గించి టీ కొనసాగించవచ్చు కదా అన్న ఆలోచనా వచ్చింది. దానికీ ఆవిడ ఒప్పుకోలేదు. మాత్రలో ప్రతిరోజూ అవే 40 మిల్లీగ్రాములు ఉంటాయి. టీ ఒకరోజు చిక్కగా, ఒకరోజు పలచగా ఉంటుంది, ఊరెళ్తే అసలు ఉండదు. ఆ ఎగుడుదిగుళ్లకు తగ్గట్టు మాత్రను సర్దడం కుదరదు. నా ఫైల్లో మాత్రల జాబితా కింద "అర్జున బెరడు, ఆపేశారు" అని తేదీతో రాసి పెట్టారు, పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లినా ఆ కాగితమే చూపించమన్నారు.