ఒకటా, ఏడా? గళ్ల నోటుబుక్కుతో మూడు వారాలు

దేవరకొండ దగ్గర ఒక ఊళ్లో మా అక్క సాయంత్రం పూట మూడో తరగతి పిల్లలకు లెక్కలు చెప్తుంది. బోర్డు మీద ఇరవై లెక్కలు రాస్తే పిల్లలు గళ్ల నోటుబుక్కులో దించుకుని పెన్సిల్‌తో చేస్తారు. అక్క పేజీల ఫోటోలు పంపుతుంది, నల్గొండలో రాత్రి భోజనం అయ్యాక నేను దిద్దుతాను. దిద్దే ముందు అంకెలు చదివిపెట్టేలా చిన్న పైథాన్ ప్రోగ్రాం ఒకటి రాసుకుంటున్నాను. ఈ మూడు వారాలూ ఒకటినీ ఏడునీ వేరు చేయడానికే సరిపోయాయి.

మొదలైంది నా తప్పుతోనే. 52 − 35 కు ఒక బాబు 17 రాస్తే ప్రోగ్రాం 11 అని చదివింది. నేనూ సరిగ్గా చూడకుండా తప్పు పెట్టేశాను. మర్నాడు అక్క ఫోన్ చేసింది. "అది ఏడే రా. పిలగాడు గట్లనే రాస్తడు. నాది రైటే గదా అని పొద్దటి సంది అడుగుతున్నడు." ఆ మాట నన్ను బాగా బాధపెట్టింది. సరిగ్గా చేసిన లెక్కకు తప్పు పడితే మూడో తరగతి పిల్లవాడు తన చేతిరాతను కాదు, తన తీసివేతనే అనుమానిస్తాడు.

మొదటి వారం

ముందు ఫోటో సంగతి. మెసేజ్‌లో మామూలుగా పంపితే ఫోటో కుదించుకుపోతుంది. ఒక్కో అంకె ఎత్తు 20 పిక్సెళ్లే ఉంటే, ఒక పిక్సెల్ అటూ ఇటూ అయినా కొలతలో 0.05 తేడా వస్తుంది. డాక్యుమెంట్‌గా పంపమన్నాను. ఇప్పుడు అంకె 60 పిక్సెళ్లకు తగ్గడం లేదు.

ఆ తర్వాత కూడా చాలా ఒకట్లు ఏడుగానే కనిపించాయి. పెద్దది చేసి చూస్తే కారణం దొరికింది. పిల్లలు గడి నిండేలా రాస్తారు కాబట్టి ఒకటి పైకొస పై గీతను తాకుతుంది. ఫోటోను నలుపు తెలుపు చేయగానే ఆ నీలి గీత ముక్క ఒకటి నెత్తిన అతుక్కుని అచ్చం ఏడులా తయారవుతుంది. పరిష్కారం సులువే. గీతలు నీలివి, పెన్సిల్ బూడిద రంగు. ఫోటోలోని నీలం పొరను మాత్రమే తీసుకుంటే నీలి గీతలు కాగితం తెలుపులో దాదాపు కలిసిపోతాయి, పెన్సిల్ నల్లగానే నిలుస్తుంది. ఫోటోల పనికి నేను వాడే ఓపెన్‌సీవీ లైబ్రరీలో రంగుల వరుసలో మొదటిది నీలమే.

```python
b = img[:, :, 0]
bw = cv2.adaptiveThreshold(b, 255,
    cv2.ADAPTIVE_THRESH_GAUSSIAN_C,
    cv2.THRESH_BINARY_INV, 31, 10)
```

నీలి బాల్ పెన్నుతో రాసిన పేజీకి ఈ పద్ధతి పనికిరాదు, గీతతో పాటు అంకె కూడా వెలిసిపోతుంది. మా పిల్లలవి పెన్సిల్ రాతలు కాబట్టి సరిపోయింది.

రెండో వారం

ఇక అసలు కొలత. ఒకటికి ముందు ఉండే చిన్న గీతను ముక్కు అంటున్నాను, ఏడుకు పైన ఉండేదాన్ని నెత్తిగీత అంటున్నాను. మొదట అంకె మొత్తం వెడల్పును ఎత్తుతో భాగించాను. అది తప్పు. నిటారుగా రాయక వాల్చి రాసే పిల్లల ఒకటి కూడా వెడల్పుగానే వస్తుంది, ముక్కు లేకపోయినా ఏడు అయిపోతుంది. అందుకని పై మూడో వంతు మాత్రమే కోసి, అక్కడి వెడల్పును మొత్తం ఎత్తుతో భాగించాను. వాలు వల్ల వచ్చే వెడల్పులో మూడో వంతే ఇందులోకి వస్తుంది, నెత్తిగీత మాత్రం మొత్తం వస్తుంది. కింద d అంటే bw నుంచి అంచుల దాకా కోసుకున్న ఒక్క అంకె.

```python
h = d.shape[0]
top = d[: h // 3]
cols = np.where(top.any(axis=0))[0]
r = (cols[-1] - cols[0] + 1) / h
```

0.40 దాటితే ఏడు, లేకపోతే ఒకటి అని పెట్టాను. ఆ బాబు ఏడు 0.38 వచ్చింది, మళ్లీ ఒకటే అయింది. హద్దును 0.35కి దించితే ఇంకో పాప ఒకట్లన్నీ ఏడులయ్యాయి. ఆ పాప ఒకటికి పొడుగాటి ముక్కు పెడుతుంది.

ఇక్కడే రెండు రాత్రులు ఆగిపోయాను. అందరికీ ఒకే హద్దు కుదరదు, ఒక్కో పిల్లకు ఒక్కో హద్దు కావాలి. దానికి ఆ పిల్ల రాసిన ఒకట్లూ ఏడులూ ఏవో ముందే తెలియాలి. ఎలా తెలుస్తాయి? పేజీలోనే ఉన్నాయి! బోర్డు మీది లెక్కను పిల్లలు దించుకున్నారు కదా. 17 + 26 అని అక్క రాస్తే, పేజీలో ఆ చోట ఉన్నది ఒకటీ ఏడూ అని నాకు ముందే తెలుసు. జవాబును కాదు, ప్రశ్నను కొలవాలి.

బాబు పేజీలో ప్రశ్నల్లోని ఒకట్లు 0.12 నుంచి 0.20 వరకు వచ్చాయి, ఏడులు 0.36 నుంచి 0.52 వరకు. పెద్ద ఒకటికీ చిన్న ఏడుకూ మధ్య 0.28 వాడి హద్దు. జవాబులోని 0.38 ఏ అనుమానం లేకుండా ఏడే. పాప ఒకట్లు 0.38 నుంచి 0.46, ఏడులు 0.66 పైన. తన హద్దు 0.56. ఒకే కొలత ఒకరి చేతిలో ఏడు, ఇంకొకరి చేతిలో ఒకటి.

కూడికల్లో పదుల పైన రాసుకునే చేతిలోని ఒకటి కూడా పనికొస్తుందనుకున్నాను. రెండు సంఖ్యలే కూడితే ఒకట్ల స్థానం మొత్తం 18 దాటదు, కాబట్టి ఆ చిన్న అంకె ఎప్పుడూ ఒకటే. కానీ పిల్లలు దాన్ని గబగబా పుల్లలా గీసేస్తారు, మామూలు ఒకటిలా ఉండదు. సన్నటి పుల్లను కలిపినా పెద్ద ఒకటి కొలత మారదు, హద్దు ఉన్నచోటే ఉంటుంది. తీసేశాను.

పెద్ద ఒకటికీ చిన్న ఏడుకూ ఎడం 0.08 కన్నా తక్కువుంటే ఆ పేజీలో ప్రోగ్రాం ఏమీ తేల్చదు, నేనే కళ్లతో చూస్తాను. ఇప్పటికి ఇద్దరి పేజీలు అలా ఉన్నాయి.

మూడో వారం

నేను గట్టిగా పట్టుకున్న నియమం ఒకటుంది. సరైన జవాబును చూసి అంకెను చదవకూడదు. 17 రావాలి కాబట్టి ఇది ఏడే అనుకుంటే, నిజంగా 11 రాసినవాడి తప్పు నాకు ఎప్పటికీ కనబడదు. ముందు చదవడం, తర్వాతే పోల్చడం. పోల్చినప్పుడు తేడా సరిగ్గా 6 గానీ 60 గానీ ఉంటే దాన్ని పక్కన పెడతాను. ఒకట్ల స్థానంలో ఒకటీ ఏడూ తారుమారైతే తేడా 6, పదుల స్థానంలో అయితే 60. చేతిలోని ఒకటిని కూడడం మరిచిపోతే వచ్చే తేడా 10, అది వేరే రకం తప్పు. పక్కన పెట్టినవాటికి రైటూ లేదు, తప్పూ లేదు. అక్క ఆ పిల్లను పిలిచి, ఏమీ చెప్పకుండా "ఇది చదువు బిడ్డా" అంటుంది.

గురువారం ఒకటి అలా వచ్చింది. లెక్క 18 − 7, జవాబు 17. తేడా 6. జవాబులోని ఏడు స్పష్టంగా ఏడే, కొలత 0.47. ఇదే బాబు. అక్క అడిగితే "పదిహేడు" అని చదివాడు. ఎలా వచ్చిందంటే "పద్దెనిమిదిల నుంచి ఒకటి తీస్తే పదిహేడు గదా టీచర్" అన్నాడు. దించుకున్నప్పుడు ఏడుకు నెత్తిగీత చాలా చిన్నగా పెట్టాడు, లెక్క చేసేటప్పుడు తన ఏడునే తను ఒకటి అనుకున్నాడు. కొలిచి చూస్తే 0.29, వాడి హద్దు అంచున ఉంది.

లెక్క తప్పే, కానీ తీసివేత వచ్చు. అక్క దానికి తప్పు పెట్టకుండా పక్కన 7 రాసిచ్చి మళ్లీ చేయించింది. 11 వచ్చింది. ఇకనుంచి ఏడు నడుమ అడ్డగీత పెట్టమని వాడికి చెప్పింది. నా ప్రోగ్రాం పై మూడో వంతే చూస్తుంది కాబట్టి ఆ గీత దానికి కనబడదు. నడిమి వరుసల వెడల్పు కూడా కొలవాలి. వచ్చే ఆదివారం పని అదే.